మంచినీళ్ళు కూడా దిగనప్పుడు: అకలేసియా గురించి తెలుసుకుందాం

ముద్ద గుండెల దగ్గర ఆగిపోయిందంటే చాలామంది గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటారు. అయితే మొదటి నుండీ అన్నమూ, నీళ్ళూ రెండూ దిగడం కష్టమైతే, తిన్నది పులవకుండా అలాగే నోట్లోకి తిరిగి వస్తూ ఉంటే, రాత్రి పడుకోగానే పొలమారి దగ్గు వస్తూ ఉంటే అకలేసియా అనే జబ్బును అనుమానించాలి. అన్నవాహికలో గడ్డ ఉన్నవారికి సాధారణంగా ముందు గట్టి పదార్థాలు ఆగి, తర్వాత నీళ్ళు ఆగుతాయి.

గొంతు నుండి కడుపు వరకు ఉండే గొట్టమే అన్నవాహిక. దాని కండరాలు అలలాగా కదిలి ముద్దను కిందికి నెడతాయి. ముద్ద చేరగానే అడుగున ఉన్న కండరపు బిగువు సడలి దారి ఇస్తుంది. అకలేసియాలో ఈ పనిని నడిపించే నరాల కణాలు నశిస్తాయి. అల ఆగిపోతుంది, అడుగు బిగువు సడలదు. ఇది అంటువ్యాధి కాదు, ఏదో తిన్నందువల్ల వచ్చేదీ కాదు.

మేము చూసిన ఒక సోదరి సంగతి చెబుతాము. ఆమెకు 42 ఏళ్ళు. ఏడాదిన్నరగా గ్యాస్ మాత్రలు వాడుతోంది. ప్రతి ముద్దకూ నీళ్ళు తాగి, లేచి నిలబడి దించుకునేది. అందరిలో తినలేక సంఘంలో ప్రేమవిందుకు కూర్చోవడం మానేసింది. బరువు 52 కిలోల నుండి 43కు తగ్గింది.

ముందుగా ఆమెకు బేరియం పరీక్ష చేశారు. సుద్దనీళ్ళలాంటి తెల్లని మందును నిలబెట్టి తాగించి, ఒకటి, రెండు, అయిదు నిమిషాలకు ఎక్స్‌రే తీశారు. మామూలుగా అది కొన్ని సెకన్లలో కడుపులోకి జారిపోవాలి. ఆమెకు అయిదు నిమిషాల తర్వాత కూడా వాహిక సగం నిండి ఉంది. పైన వెడల్పుగా ఉండి, అడుగున పిట్ట ముక్కులా సన్నబడింది. గడ్డ ఉన్నా ఒక్కొక్కసారి ఇలాగే కనబడుతుంది కాబట్టి ఎండోస్కోపీ కూడా చేసి, గడ్డ లేదని నిర్ధారించుకున్నారు.

తర్వాత మానోమెట్రీ కోసం పెద్ద ఊరికి పంపించాము. పరగడుపున, మత్తు ఇవ్వకుండా, ముక్కుకు తిమ్మిరి జెల్లీ రాసి సన్నని గొట్టం దించుతారు. పడుకోబెట్టి, ఒక్కొక్క చెంచా నీళ్ళు పదిసార్లు మింగమంటారు. గొట్టం మీది సెన్సర్లు ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో చూపిస్తాయి. మింగినప్పుడు అడుగు కండరం ఒత్తిడి సుమారు 15కు లోపు ఉండాలి, ఆమెకు 28 ఉంది. ఈ జబ్బులో మూడు రకాలున్నాయి. మొదటి రకంలో వాహిక నీరసించి ఉంటుంది, రెండవ రకంలో మొత్తం ఒకేసారి బిగుస్తుంది, మూడవ రకంలో ఈడ్పుల్లా పట్టేస్తుంది. ఆమెది రెండవ రకం. చికిత్సకు అన్నిటికంటే బాగా లొంగేది అదే.

ఏ చికిత్స చేసినా చచ్చిన నరాలు తిరిగి రావు. అడుగు బిగువును సడలించి, ముద్ద తన బరువుతో జారేలా చేయడమే మన చేతిలో ఉన్నది. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది బుడగతో సాగదీయడం. మత్తు ఇచ్చి, నోటి ద్వారా 3 సెంటీమీటర్ల బుడగను పంపి, అడుగు కండరం దగ్గర ఉబ్బిస్తారు. అవసరమైతే కొన్ని వారాలకు ఇంకొంచెం పెద్ద బుడగ వాడతారు. నూటికి ఇద్దరు ముగ్గురికి వాహిక చిరిగే ప్రమాదం ఉంది. అప్పుడు వెంటనే ఆపరేషన్ అవసరం కావచ్చు. కనుక ఆపరేషన్‌కు తట్టుకోగలిగినవారికే ఇది చేస్తారు. 40 ఏళ్ళలోపు మగవారికి దీని ఫలితం కొంత తక్కువ.

రెండవది కండరాన్ని కోయడం. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కోసి, ఆమ్లం పైకి రాకుండా కడుపు అంచును కొంత చుట్టి కుడతారు. 2008లో జపాన్‌లో మొదటిసారి మనుషులకు చేసిన పోయెమ్ పద్ధతిలో నోటి నుండే ఎండోస్కోపుతో కోస్తారు. పొడవుగా కోయగలరు కాబట్టి మూడవ రకానికి ఇది బాగా పనికివస్తుంది. అయితే తర్వాత ఆమ్లం పైకి తన్నడం ఎక్కువ.

మూడవది బొటాక్స్ ఇంజెక్షన్. చేయడం సులువే కానీ చాలామందికి ఆరు నెలల నుండి ఏడాదిలో ప్రభావం తగ్గిపోతుంది. మళ్ళీ మళ్ళీ చేస్తే తర్వాత ఆపరేషన్ కష్టం కావచ్చు. కనుక ఆపరేషన్‌కు తట్టుకోలేని వృద్ధులకు, గుండెజబ్బు తీవ్రంగా ఉన్నవారికి మాత్రమే ఇది తగినది.

ఆ సోదరికి ఇంజెక్షన్ తగదని ముందే చెప్పారు. మిగిలిన రెండింటిలో, 2011లో వెలువడిన ఐరోపా పరిశోధన ప్రకారం రెండేళ్ళ తర్వాత బుడగకూ ఆపరేషన్‌కూ ఫలితం దాదాపు సమానం. కూలిపనికి త్వరగా వెళ్ళాలి కాబట్టి, మళ్ళీ సాగదీయవలసి రావచ్చని తెలిసీ ఆమె బుడగనే కోరుకుంది. వాహికలో పాత తిండి నిలిచి ఉండకుండా ముందు రెండు రోజులు ద్రవాలే ఇచ్చాము. చికిత్స తర్వాత నాలుగు గంటలపాటు ఛాతీ నొప్పి, జ్వరం, మెడ దగ్గర చర్మం కింద గాలి చేరడం ఉన్నాయేమో కనిపెట్టాము. రెండవసారి కొంచెం పెద్ద బుడగ అవసరమైంది. ఆ తర్వాత బేరియం అయిదు నిమిషాలలోపే దిగిపోయింది. ఆరు నెలలకు ఆమె బరువు 49 కిలోలు.

చికిత్స అయినా నిదానంగా నమిలి, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగాలి. తిన్న తర్వాత మూడు గంటలవరకు పడుకోకూడదు, మంచం తలవైపు ఎత్తుగా ఉంచుకోవాలి. బాగుందనిపించినా డాక్టరు చెప్పిన తేదీకి బేరియం పరీక్షకు రండి. వాహిక సాగిపోయినవారికి ముద్ద ఆగినట్టు తెలియకుండానే లోపల నిలిచిపోతుంది.

– నర్సింగ్ సూపరింటెండెంట్