ముద్ద మింగితే నొప్పి: హెచ్‌ఐవీలో అన్నవాహిక క్యాండిడా

నోట్లో మామూలుగా ఉండే క్యాండిడా అనే ఫంగస్, హెచ్‌ఐవీ ఉన్నవారిలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గాక అన్నవాహికలోకి పాకి తెల్లని పొరగా పేరుకుంటుంది. ముద్ద దిగేటప్పుడు రొమ్ము ఎముక వెనక నొప్పి పుడుతుంది. చాలామందికి నాలుక మీద, అంగిట్లో తెల్లపూత ఉంటుంది. అది లేనంత మాత్రాన జబ్బు లేదనలేం.

ఈ లక్షణాలుంటే ఎండోస్కోపీ కోసం ఆగకుండా ఫ్లూకోనజోల్ మొదలుపెడతారు. పెద్దలకు రోజుకోసారి 200 నుంచి 400 మి.గ్రా., 14 నుంచి 21 రోజులపాటు ఇస్తారు. మాత్ర మింగలేకపోతే అదే మందును సిర ద్వారా ఎక్కిస్తారు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గుతుంది. మందుల షాపులో దొరికే ఒక్క 150 మి.గ్రా. మాత్ర ఈ జబ్బుకు చాలదు. అది ప్రధానంగా స్త్రీలకు వచ్చే యోని ఇన్ఫెక్షన్ కోసం ఇచ్చే మోతాదు.

సీడీ4 60 ఉన్న ఒక రోగిని ఊహించుకుందాం. మొదటి రోజు 400, తర్వాత రోజూ 200 మి.గ్రా. చొప్పున వాడుతున్నాడు. మందు పనిచేస్తే మూడు నాలుగు రోజుల్లోనే ముద్ద దిగడం తేలికవుతుంది. ఏడో రోజుకీ నొప్పి తగ్గలేదంటే వెంటనే మందుకు లొంగని ఫంగస్ అని తేల్చెయ్యకూడదు. అసలు మాత్రలు రోజూ వేసుకున్నాడా, వేసుకున్నవి వాంతిలో పోయాయా అని ముందు అడగాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నాడేమో కూడా చూడాలి, ఎందుకంటే అది రక్తంలో ఫ్లూకోనజోల్‌ను తగ్గిస్తుంది. ఇవేవీ కారణం కాకపోతే ఎండోస్కోపీ చేయాలి. సైటోమెగాలో వైరస్, హెర్పిస్ పుండ్లు కూడా ఇలాగే నొప్పిస్తాయి, ఫ్లూకోనజోల్ వాటిని ఏమీ చేయదు. పుండు నుంచి ముక్క తీసి పరీక్షిస్తేనే తేడా తెలుస్తుంది.

ఎండోస్కోపీలో క్యాండిడాయే కనబడితే అప్పుడు నిరోధకతను గట్టిగా అనుమానించాలి. ఆ రోగి గతంలో నెలల తరబడి, లేదా మాటిమాటికీ ఫ్లూకోనజోల్ వాడి ఉంటే, సీడీ4 50 కంటే తక్కువైతే ఆ అనుమానం మరింత బలపడుతుంది. అన్నవాహిక నుంచి తీసిన నమూనాను కల్చర్‌కు పంపి, ఏ జాతి క్యాండిడానో, ఏ మందుకు లొంగుతుందో చూడాలి. క్రూసై జాతి పుట్టుకతోనే ఫ్లూకోనజోల్‌కు లొంగదు. గ్లాబ్రేటాకు ఎక్కువ మోతాదు కావాలి, ఒక్కోసారి అదీ చాలదు. మామూలు ఆల్బికాన్స్ కూడా మందును పదేపదే చూశాక మొండికేయగలదు.

అప్పుడు ఇట్రాకోనజోల్ ద్రావణం, పోసాకోనజోల్ లేదా వోరికోనజోల్ వంటి మందులకు మారుస్తారు. అవీ పనిచేయకపోతే సిర ద్వారా ఇచ్చే క్యాస్పోఫంగిన్ తరగతి మందులు, యాంఫోటెరిసిన్ ఉంటాయి. అయితే క్యాస్పోఫంగిన్ తరగతి మందులు ఆపాక జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.

జబ్బు తగ్గాక, మళ్లీ రాకుండా అందరూ ఫ్లూకోనజోల్ కొనసాగించడం మంచిది కాదు, నిరోధకత పెరిగేది అలాగే. ఏఆర్‌టీ మందులు క్రమం తప్పక వాడి, సీడీ4 పెరిగేలా చూసుకోవడమే తిరగబెట్టకుండా ఆపే మార్గం.