100 గింజల్లో అరగనిది గ్రామున్నరే

పలాస, టెక్కలి రోడ్ల పక్కన నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని, మర్నాడో ఎల్లుండో మలంలో పసుపు గింజలు చూసి కంగారుపడేవాళ్లు చాలామందే. తిన్నది తిన్నట్టే పోతే ఇక ఒంటికేం పడుతుందని వాళ్ల బెంగ. ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ముదురు ఎండు గింజలు 100 తూకం వేస్తే సుమారు 30 గ్రాములు. అందులో పైపొట్టు సుమారు 5 శాతం, అంటే గ్రామున్నర. మిగిలినదంతా పిండి, మొలక భాగం. మనకు కనిపించేది చాలావరకు ఆ పొట్టే. దగ్గరగా చూస్తే ఒకవైపు చిరిగి, ముడతపడి ఉంటుంది. లోపల పిండి ఉండదు. పసుపు రంగు మిగిలి ఉండటంతో నిండు గింజలా అనిపిస్తుంది.

పొట్టులో ఎక్కువగా హెమీసెల్యులోజ్, సెల్యులోజ్ ఉంటాయి. పిండిని విడగొట్టే ఎంజైములు మన నోట్లో, చిన్నపేగులో ఉన్నాయి గానీ సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైము మన ఒంట్లో తయారు కాదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా కొంత పీచును పులియబెడతాయి, గట్టిపొట్టు జోలికి అంతగా పోవు. టమాటా తొక్క, మిరప గింజ, జామ గింజ కథా ఇదే. నమలకుండా మింగిన గింజ సంగతి వేరు. పొట్టు చిరగకపోతే ఎంజైములు లోపలికి చేరవు, పిండి కూడా అలాగే బయటికి పోవచ్చు.

ఉద్దానం జీడిపప్పుకీ ఇలాంటి లెక్కే ఉంది. 28 గ్రాముల పప్పు 163 కేలరీలు ఇస్తుందని పట్టికలు చెబుతాయి. అమెరికా పరిశోధకులు 18 మందికి పెట్టి, వాళ్ల మలాన్నీ మూత్రాన్నీ పరీక్షించి 2019లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఒంటికి అందింది 137 మాత్రమే. నమిలినా పగలని కణాల గోడల్లో కొంత కొవ్వు చిక్కుకుని అలాగే వెళ్లిపోతుంది. ఇది కంటికి కనిపించదు కాబట్టి ఎవరూ భయపడరు!

తిన్నది బయటికి రావడానికి చాలామందికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. పొత్తు తిన్న వేళ గుర్తుపెట్టుకుని, పొట్టు కనిపించిన వేళ చూసుకుంటే మీ పేగుల వేగం స్థూలంగా తెలుస్తుంది.

ఉద్దానంలో ఒంట్లో ఏ తేడా కనిపించినా ముందు కిడ్నీ గుర్తుకొస్తుంది, అది సహజం. కానీ ఈ పొట్టుకీ కిడ్నీకీ సంబంధం లేదు. కిడ్నీ సంగతి తెలియాలంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి.

మలం జిడ్డుగా, పాలిపోయి, బాగా దుర్వాసనతో వస్తున్నా, రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విరేచనాలు తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేకపోతే పొత్తు మానక్కర్లేదు, బాగా నమిలి తినండి.