అమెరికాలో తగ్గిన బంగారం హైదరాబాదులో ఎందుకు పెరిగింది?
బాండ్ల కొనుగోలుకూ మేలిమి ధారణకూ ఉన్న లంకె

హైదరాబాదు: 2011 సెప్టెంబరు మొదటి వారంలో ప్రపంచ మార్కెట్లో ఔన్సు బంగారం 1,900 డాలర్లు పలికింది. అప్పుడు డాలరుకు సుమారు 46 రూపాయలు. 2013 ఆగస్టు 28న, శ్రావణ బహుళ అష్టమి నాడు, అదే ఔన్సు దాదాపు 1,420 డాలర్లకు దొరుకుతున్నది. అంటే నూటికి 25 వంతులు చవక. అయినా హైదరాబాదు బులియన్ బజారులో మేలిమి 10 గ్రాముల ధర 28 వేల ప్రాంతం నుంచి 34 వేలు దాటిపోయింది. ఈ వైరుధ్యానికి మూలం అమెరికా రిజర్వు బ్యాంకు ‘ఫెడ్’ ఖాతా పుస్తకాలలో ఉంది. 2008 తర్వాత వచ్చిన పెద్ద తేజీలన్నిటికీ ఆ పుస్తకాలతో సంబంధం ఉంది గాని, ఆ సంబంధం చాలామంది అనుకున్నంత సూటిగా లేదు.

బాండ్లు కొంటే బంగారం ఎందుకు పెరుగుతుంది?

2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు బంగారం పెరుగుదల నిలవలేదు. డాలర్ల కొరతతో సంస్థలు చేతిలో ఉన్నదల్లా అమ్ముకున్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఔన్సు 700 డాలర్ల దరిదాపులకు పడింది. నవంబరు 25న ఫెడ్ 60 వేల కోట్ల డాలర్ల గృహరుణ పత్రాలు కొంటామని ప్రకటించింది. కొత్తగా సృష్టించిన సొమ్ముతో ఇలా బాండ్లు కొనడాన్నే ‘క్వాంటిటేటివ్ ఈజింగ్’ అంటారు. 2009 మార్చిలో ప్రభుత్వ బాండ్లు కూడా ఈ జాబితాలో చేరాయి. 2010 నవంబరులో రెండవ విడతగా మరో 60 వేల కోట్ల డాలర్ల ప్రభుత్వ బాండ్ల కొనుగోలు ప్రకటించారు. సంక్షోభానికి ముందు 90 వేల కోట్ల డాలర్లున్న ఫెడ్ ఆస్తుల పట్టీ 2011 నాటికి 2 లక్షల 80 వేల కోట్లకు పెరిగింది.

అచ్చయిన ప్రతి డాలరూ వచ్చి బంగారం కొన్నదని కాదు. ఫెడ్ బాండ్లను ఎగబడి కొంటే వాటి ధర పెరుగుతుంది, వాటిపై గిట్టే వడ్డీ తగ్గుతుంది. ఆ వడ్డీ నుంచి ద్రవ్యోల్బణాన్ని తీసివేయగా మిగిలేదే అసలు రాబడి. బంగారం వడ్డీ తేదు. బాండుపై అసలు రాబడి నూటికి 2 ఉన్నప్పుడు బంగారం దాచుకున్నవాడు ఆ రెండూ వదులుకున్నట్లే. రాబడి సున్నాకు దిగితే వదులుకునేది ఏమీ లేదు. ద్రవ్యోల్బణ రక్షణ గల అమెరికా పదేళ్ల బాండ్ల రాబడి 2008 చివర నూటికి 3 దాకా వెళ్లింది. 2011 సెప్టెంబరుకు అది సున్నాకు చేరింది. బంగారం 700 నుంచి 1,900కు ఎగబాకినది ఈ మూడేళ్లలోనే. ఈ నడుమ 2009 నవంబరులో మన రిజర్వు బ్యాంకు కూడా అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నులు కొన్నది. సగటు ధర ఔన్సుకు 1,045 డాలర్లు.

మూడవ విడతలో తప్పిన లెక్క

ఫెడ్ పట్టీ పెరిగితే బంగారం పెరుగుతుందన్న సూత్రాన్ని నమ్ముకున్నవారు 2012లో దెబ్బతిన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 13న ప్రకటించిన మూడవ విడతకు గడువే లేదు. డిసెంబరుకల్లా నెలకు 8,500 కోట్ల డాలర్ల కొనుగోలు ఖరారైంది. బంగారం 1,790 దాకా వెళ్లి అక్కడి నుంచి వెనుదిరిగింది. 2013లో ఫెడ్ పట్టీ 4 లక్షల కోట్ల డాలర్లకు పెరుగుతూ ఉంటే, బంగారం ఆ ఒక్క ఏడాదిలో నూటికి 27 వంతులు పడిపోయింది.

మూడవ విడత ప్రకటించే నాటికే అసలు రాబడి సున్నాకన్నా ముప్పావు వంతు కిందకు పోయి ఉంది. ఇంకా తగ్గడానికి చోటు లేదు. మార్కెట్ ఆ వార్తను ముందే ధరలో కలుపుకున్నది. 2013 మే 22న ఫెడ్ అధ్యక్షుడు బెర్నాంకీ కొనుగోళ్లు తగ్గించే అవకాశం ఉన్నదని చెప్పారు. నిజంగా తగ్గించాలని నిర్ణయించినది డిసెంబరులో. అయితే ఆ మాట ఒక్కటే చాలింది. సెప్టెంబరుకు అసలు రాబడి సున్నాకు పైన దాదాపు ఒక వంతుకు లేచింది. అమెరికాలోని అతిపెద్ద బంగారు ఫండు నిల్వ 2012 డిసెంబరులో సుమారు 1,350 టన్నులు. ఏడాది తిరిగేసరికి అది 800 టన్నుల లోపుకు వచ్చింది. ధరను నడిపినది ఫెడ్ పట్టీ ఎత్తు కాదు, రేపు రాబడి ఎటు పోతుందన్న అంచనా.

రూపాయిలో మరో కథ

అమెరికాలో వడ్డీ అడుగంటిన కాలంలో ఆ చవక సొమ్ములో కొంత భారతదేశ వాటాలలోకి, బాండ్లలోకి వచ్చింది. మన విదేశీ చెల్లింపుల లోటును అది పూడ్చింది. 2012–13లో ఆ లోటు జాతీయోత్పత్తిలో నూటికి 4.8. అందులో బంగారం దిగుమతుల పాలు పెద్దది. బెర్నాంకీ మాటతో ఆ సొమ్ము తిరుగు ముఖం పట్టింది. మే 22కు ముందు 55 ప్రాంతంలో ఉన్న డాలరు ఆగస్టు 28న 68.80కి చేరింది. డాలర్ల ఖర్చు ఆపడానికి ప్రభుత్వం బంగారంపై సుంకాన్ని జనవరిలో నూటికి 6కు, జూన్‌లో 8కి, ఆగస్టు 13న 10కి పెంచింది. రూపాయి పతనమూ, జనవరి తర్వాతి సుంకం పెంపులూ అమెరికా నిర్ణయానికి తోక పట్టుకుని వచ్చినవే.

లెక్క ఇలా ఉంటుంది. ఔన్సు అంటే 31.1035 గ్రాములు. 1,900 డాలర్ల ఔన్సులో 10 గ్రాములకు 611 డాలర్లు. 46 చొప్పున 28,100 రూపాయలు, నాటి 300 రూపాయల సుంకంతో 28,400. 2013 ఆగస్టులో 1,420 డాలర్ల చొప్పున 10 గ్రాములకు 456.50 డాలర్లు. రూపాయి 46 వద్దే నిలిచి ఉంటే అది 21,000 మాత్రమే. 68.80 చొప్పున 31,400 అయింది. నూటికి పది సుంకంతో 34,550. విక్రయ పన్ను, తరుగు, మజూరీ ఇందులో లేవు. డాలరు ధర తగ్గి 7,100 రూపాయలు కలిసివచ్చాయి. మారకం రేటు 10,400, సుంకం పెంపు సుమారు 2,850 పట్టుకుపోయాయి.

హైటెక్ సిటీలో రెండు ధరలు

ఈ లెక్క ప్రభావం మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ వీధుల్లో కనిపించినంత స్పష్టంగా రాష్ట్రంలో మరెక్కడా కనిపించదు. అక్కడి కంపెనీల రాబడి ఎక్కువ భాగం డాలర్లలో వస్తుంది. ఉద్యోగి జీతం రూపాయలలో అందుతుంది. సుంకంతో కలిపి 10 గ్రాములు కొనడానికి 2011లో 617 డాలర్లు కావలసి ఉండగా, 2013 ఆగస్టులో 502 చాలాయి. కంపెనీ పని మీద అమెరికాలో ఉండి అక్కడి జీతం ఇంటికి పంపుతున్న ఇంజనీరుకు చెల్లెలి పెళ్లి బంగారం 115 డాలర్లు చవక. సైబర్ టవర్స్‌లో అతని పక్క కుర్చీలో పనిచేసి రూపాయలలో జీతం తీసుకున్నవాడికి అదే నగ 6 వేలకు పైగా ప్రియం. కూకట్‌పల్లి, కొండాపూర్ దుకాణానికి వచ్చే గిరాకీని అంచనా కట్టేవారు ఈ రెండు తరగతులనూ వేరుగా చూడవలసి ఉంటుంది. రూపాయి పడితే డాలరు జీతగాడు పుంజుకుంటాడు, రూపాయి జీతగాడు బరువు తగ్గించి అడుగుతాడు.

ఆర్డరు పట్టిన వర్తకుడి నష్టం

2013 జూన్ ఆఖరున ఔన్సు 1,200 డాలర్లకు పడింది. డాలరు 59.50, సుంకం నూటికి 8. ఈ లెక్కన 10 గ్రాములు 24,800. శ్రావణ మాసపు పెళ్లిళ్లకు ఆ ధరకు ఒక కిలో ఆర్డర్లు పట్టి, సరుకు కొనకుండా ఆగిన వర్తకుని ఊహించుకుందాం. ఆగస్టు 28న కొనబోతే 10 గ్రాములకు 9,750 ఎక్కువ. కిలోకు 9 లక్షల 75 వేలు నష్టం.

ఆ వర్తకుడే ముందుజాగ్రత్తగా విదేశీ ధరపై మాత్రం వాయిదా బేరం చేసి ఉన్నా పూర్తిగా గట్టెక్కడు. ఔన్సుకు 220 డాలర్ల పెరుగుదల 10 గ్రాములకు 70 డాలర్లు చిల్లర, అంటే 4,850 రూపాయలు తెచ్చిపెడుతుంది. మిగతా సగం రూపాయి, సుంకం వల్ల వచ్చినది. మారకం రేటుకు వేరే రక్షణ లేకపోతే అది చేతి నుంచి పోవలసిందే. రూపాయలలో నడిచే దేశీయ వాయిదా బేరం ఈ రెంటికీ అడ్డుగా నిలుస్తుంది.

దిగుమతి లెక్క ధరకూ బజారు ధరకూ తేడాను కూడా గమనించాలి. 2013 జూలై 22న రిజర్వు బ్యాంకు దిగుమతి సరుకులో అయిదవ వంతు ఎగుమతిదారులకు కేటాయించాలని నియమం పెట్టింది. సరుకు అందక ఆ ఏడాది చివర ఔన్సుకు 100 డాలర్లు మించి ప్రీమియం నడిచింది. 10 గ్రాములకు అది 2 వేల రూపాయలు. ఇంత తేడా కనిపిస్తే ఆ తేజీ అమెరికాది కాదు, రేవులోది. 2014 నవంబరులో నియమం ఎత్తివేయడంతో ఆ ప్రీమియం సడలింది. నిలవ పట్టినవారికి అది చేదు పాఠం.

2020లో నిజమై, 2022 తర్వాత చెదిరిన సూత్రం

2020 మార్చిలో 2008 నాటి క్రమమే మళ్లీ నడిచింది. ముందు డాలర్ల కొరతతో బంగారం 1,500 కిందకు పడింది. తర్వాత ఫెడ్ పట్టీ మూడు నెలల్లో 4.2 లక్షల కోట్ల నుంచి 7 లక్షల కోట్ల డాలర్లకు పెరిగింది. అసలు రాబడి సున్నాకు ఒక వంతు దిగువకు జారింది. ఆగస్టులో, మళ్లీ శ్రావణంలోనే, ఔన్సు 2,070 డాలర్లను తాకింది. డాలరు 75, సుంకం నూటికి పన్నెండున్నర కావడంతో ఇక్కడ 10 గ్రాములు 56 వేలకు చేరాయి.

2022 జూన్ నుంచి ఫెడ్ పట్టీని కుదించింది. దాదాపు 9 లక్షల కోట్ల నుంచి 2025 నాటికి 6.6 లక్షల కోట్ల ప్రాంతానికి తెచ్చింది. 2023లో అసలు రాబడి నూటికి 2 దాటింది. పాత సూత్రం ప్రకారం బంగారం కూలాలి. 2022 శరత్కాలంలో 1,620 దాకా తగ్గిన ఔన్సు 2025 అక్టోబరులో 4,000 దాటింది. రష్యా విదేశీ నిల్వలను 2022లో స్తంభింపజేసిన తర్వాత పలు దేశాల కేంద్ర బ్యాంకులు డాలరు బాండ్లకు బదులు బంగారం పేర్చుకోసాగాయి. 2022, 2023, 2024లలో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. మన రిజర్వు బ్యాంకు 2024లో 72 టన్నులు చిల్లర కొన్నది. వడ్డీ చూసి కొనేవారు కాదు వీరు. అందువల్ల రాబడి పెరిగినా అమ్మలేదు.

ఫెడ్ బాండ్లు కొంటుందన్న వార్త రాగానే తేజీకి ఎగబడడం కన్నా, అసలు రాబడి ఇంకా తగ్గడానికి చోటున్నదా అని చూడడం మేలు. ఆ పైన డాలరు ధారణ, సుంకం, బజారు ప్రీమియం విడివిడిగా రాసుకుంటే, పెరిగిన ప్రతి వెయ్యి రూపాయలలో ఎంత న్యూయార్కుది, ఎంత ముంబై మారకపు బజారుది, ఎంత ఢిల్లీ సుంకానిది అన్నది తేలుతుంది. 2024 జూలై 23న సుంకం నూటికి 15 నుంచి 6కు ఒక్క దెబ్బతో తగ్గినప్పుడు, ప్రపంచ ధరను మాత్రమే చూస్తూ నిల్వలు పెట్టినవారికి ఆ విభజన విలువ తెలిసివచ్చింది.