గంటకోసారి సరిచూసే పేర్ల పట్టిక

కంపెనీలో ఎవరెవరు పనిచేస్తున్నారో చెప్పే పట్టికను డైరెక్టరీ అంటారు. `0 * * * *` అన్న క్రాన్ వరుస ప్రకారం ఒక ప్రోగ్రామ్ ప్రతి గంటకూ దాన్ని చదివి, అప్లికేషన్‌లోని ఖాతాలతో పోల్చుతుంది. కొత్త పేరుంటే ఖాతా తెరుస్తుంది. పేరు కనిపించకపోతే మూసేస్తుంది.

చిక్కంతా ఆ మూయడంలోనే ఉంది. 1,400 మంది ఉన్న కంపెనీ అనుకుందాం. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా ఒక్క ప్రశ్నకు 1,000 పేర్లే ఇస్తుంది. మిగతావి పేజీలవారీగా అడిగి తీసుకోవాలి. అలా అడగని ప్రోగ్రామ్‌కు, పరిమితి దాటిందని సర్వర్ చెప్పినా పట్టించుకోకపోతే, మిగిలిన 400 మంది ఉద్యోగం మానేసినట్టే. పదకొండు గంటలకు వాళ్లంతా ఒక్కసారిగా బయటపడతారు. లాగ్‌లో చదివిన పేర్లు సరిగ్గా 1,000 అని ఉంటే అనుమానించాల్సిందే.

అందుకే తొలగింపులకు హద్దు పెట్టాలి: ఒక విడతలో ఇరవై దాటితే ప్రోగ్రామ్ ఆగి, మనిషి అనుమతి అడగాలి. ఖాతాను వెంటనే చెరిపేయకుండా కొన్నాళ్లు నిలిపి ఉంచడం మేలని నా గట్టి అభిప్రాయం. చెరిపేస్తే ఫైళ్లూ పోవచ్చు.

ఇక నిజంగా వెళ్లిపోయినవారి సంగతి. 10:05కు డైరెక్టరీలో పేరు తీసేసినా 11:00 వరకు ఖాతా తెరిచే ఉంటుంది. ఆ తర్వాత కూడా, అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్‌ను విడిగా తెంచాల్సి రావచ్చు. కోపంగా వెళ్లినవారి విషయంలో గంట కోసం ఆగకుండా సింక్‌ను అప్పుడే చేత్తో నడపాలి.