40 కోట్ల మిగులు, అయినా నష్టమే

హైదరాబాద్ పశ్చిమ శివార్లలో సెల్లార్ తవ్వకం మొదలుపెట్టిన బిల్డర్‌కు మట్టి కంటే ముందు రాయి ఎదురవుతుంది. నాలుగడుగులు దిగగానే నల్లరాయి తగులుతుంది. డ్రిల్లింగ్ చేయాలి, పేలుళ్లకు అనుమతి తెచ్చుకోవాలి, చుట్టుపక్కల ఇళ్లకు పగుళ్లు రాకుండా చూసుకోవాలి. రెండు నెలలనుకున్న పని ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాత కూలీలు పండక్కి ఊరెళ్లడం, ప్లాన్ సవరణ ఆమోదం ఆలస్యం కావడం తోడైతే ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

ఆ ఏడాదిలో గుంతలో పని ఆగడమే కాదు, డబ్బు రాక కూడా ఆగిపోతుంది. ఫ్లాట్ కొన్నవాళ్లలో ఎక్కువమంది స్లాబుల లెక్కన కడతారు. పునాది పూర్తయితే ఒక వాయిదా, అయిదో స్లాబు పడితే ఇంకొకటి. గృహరుణం ఇచ్చిన బ్యాంకు కూడా పని ఎంతవరకు వచ్చిందో చూశాకే డబ్బు విడుదల చేస్తుంది. స్లాబు పడకపోతే వాయిదా అడగడానికే వీల్లేదు.

ఈ జాప్యం ఖరీదు తెలియాలంటే ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఒక బిల్డర్ ఈరోజు 40 కోట్లు పెట్టి స్థలం కొన్నాడనుకుందాం. కట్టడానికి మొదటి ఏడాది చివర 20 కోట్లు, రెండో ఏడాది చివర మరో 20 కోట్లు పెడతాడు. కొనుగోలుదారుల నుంచి రెండో ఏడాది చివర 30 కోట్లు, మూడో ఏడాది చివర 90 కోట్లు వస్తాయి. నిజానికి డబ్బు నెలనెలా వస్తూ పోతూ ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండాలని అంతా ఏడాది చివరికి చేర్చాం. మొత్తం ఖర్చు 80 కోట్లు, రాబడి 120 కోట్లు, మిగులు 40 కోట్లు.

ఇప్పుడు రాబడంతా సరిగ్గా ఏడాది వెనక్కి జరిగిందనుకుందాం. ఖర్చు అదే, రాబడి అదే, మిగులూ అదే 40 కోట్లు. ఖాతా పుస్తకంలో ఏమీ మారలేదు. మారిందేమిటో చూపించేది నికర ప్రస్తుత విలువ, అంటే ఎన్‌పీవీ.

దీని వెనకున్న ఆలోచన అప్పు ఇచ్చి పుచ్చుకునే ప్రతి ఇంటికీ తెలిసిందే. నూటికి నెలకు రూపాయి పావలా వడ్డీ అంటే ఏడాదికి 15 శాతం. ఆ వడ్డీ గిట్టే మనిషికి ఏడాది తర్వాత వచ్చే 115 రూపాయలు ఈనాటి 100 రూపాయలతో సమానం. అందుకే భవిష్యత్తులో వచ్చే ప్రతి మొత్తాన్నీ, పెట్టే ప్రతి ఖర్చునూ ఎన్నేళ్ల దూరముంటే అన్నిసార్లు 1.15తో భాగించి ఈనాటి విలువకు తెస్తారు. వచ్చేదాంట్లోంచి పోయేది తీసేస్తే మిగిలేదే ఎన్‌పీవీ. అది సున్నా కంటే ఎక్కువుంటే, ఆ డబ్బుకు 15 శాతం గిట్టాక ఇంకా కొంత మిగిలినట్టు.

మన బిల్డర్ ఖర్చులన్నిటి ఈనాటి విలువ 72.51 కోట్లు. రాబడి అనుకున్న వేళకు వస్తే దాని ఈనాటి విలువ 81.86 కోట్లు. ఎన్‌పీవీ 9.35 కోట్లు. రాబడి ఏడాది జరిగితే 81.86ను మరోసారి 1.15తో భాగించాలి. వచ్చేది 71.18 కోట్లు. ఖర్చు మాత్రం 72.51 దగ్గరే ఉంది. ఎన్‌పీవీ మైనస్ 1.33 కోట్లకు పడిపోయింది. ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాకుండానే 10.68 కోట్ల విలువ కరిగిపోయింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏడాది ఆలస్యమైంది కాబట్టి 9.35ను 1.15తో భాగిస్తే 8.13 వస్తుంది, పోయింది కోటీ ఇరవై లక్షలే కదా అనుకుంటారు. స్థలం కొనడంతో సహా ప్రాజెక్టు మొత్తం ఏడాది వెనక్కి జరిగితేనే ఆ లెక్క సరైనది. స్థలం కొనేశాక, పిల్లర్లు లేచాక జరిగే జాప్యంలో ఖర్చు జరగదు, రాబడే జరుగుతుంది. కోత పడేది మిగులు మీద కాదు, మొత్తం రాబడి మీద. 15 శాతం రేటు దగ్గర ఆ కోత రూపాయికి 13 పైసలు. ఈ ప్రాజెక్టులో రాబడి విలువలో రూపాయికి మిగులుతున్నది 11 పైసల చిల్లర మాత్రమే. 13 పైసల దెబ్బను అది తట్టుకోలేదు. అదే బిల్డర్‌కు రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం చాలనుకుంటే ఎన్‌పీవీ 14.18 కోట్ల నుంచి 4.75 కోట్లకు తగ్గుతుంది. దెబ్బ గట్టిదే, కానీ ప్రాజెక్టు బతుకుతుంది.

ఆలస్యమైనా రేట్లు పెరుగుతాయి కదా అన్నది తరచూ వినిపించే సమాధానం. పాత ఎన్‌పీవీ మళ్లీ చేతికి రావాలంటే రాబడి మొత్తం 15 శాతం పెరగాలి, 120 కోట్లు 138 కోట్లు కావాలి. అమ్మకుండా మిగిలిన ఫ్లాట్లకు ధర పెంచుకోవచ్చు. ముందే ఒప్పందం రాసిచ్చిన ఫ్లాట్ల ధర మాత్రం అక్కడే ఆగిపోతుంది. పైగా 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఆలస్యమైనా ఫ్లాటే కావాలనుకున్న కొనుగోలుదారుకు అప్పగించేదాకా నెలనెలా వడ్డీ కట్టాలి. తెలంగాణలో ఆ రేటు స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు మరో 2 శాతం కలిపి లెక్కిస్తారు. ఈ వడ్డీ నిజంగా చేతి నుంచి పోయే డబ్బు, కాబట్టి ఖర్చుల్లో చేర్చాలి.

బిల్డర్ తెచ్చిన అప్పు మీది వడ్డీ సంగతి వేరు. పెట్టుబడికి గిట్టాల్సిన 15 శాతంలో అది ముందే కలిసి ఉంటుంది. దాన్ని మళ్లీ ఖర్చుగా రాస్తే ఒకే దెబ్బను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఈ పొరపాటు వల్ల బాగున్న ప్రాజెక్టు కూడా చెడ్డదిగా కనబడుతుంది.

పని ఆగితే ఖర్చూ కొంత వెనక్కి జరుగుతుందన్నది నిజమే. రెండో ఏడాది పెట్టాల్సిన 20 కోట్లలో సగం మూడో ఏడాదికి వెళ్లిందనుకుంటే సుమారు 99 లక్షలు కలిసొస్తాయి. కానీ క్రేన్ అద్దె, కాపలా, బీమా, సైట్ ఆఫీసు జీతాలు ఆగవు. వాటికి మూడో ఏడాది చివర రెండు కోట్లయితే, ఈనాటి విలువలో 1.32 కోట్లు. కలిసొచ్చినదాని కంటే పోయిందే ఎక్కువ. ఎన్‌పీవీ మైనస్ 1.66 కోట్లకు దిగుతుంది.

మరి ఎన్‌పీవీ మైనస్‌లోకి పోయింది కాబట్టి పని ఆపేయాలా? ఆపకూడదు. ఆ మైనస్ 1.33 చెప్పేది స్థలం కొనక ముందు వేసుకోవాల్సిన ప్రశ్నకు జవాబు. జాప్యం సంగతి మొదటి ఏడాది చివర తెలిసిందనుకుంటే, అప్పటికే 60 కోట్లు పెట్టేశాడు. ఆపినా అవి తిరిగిరావు. ఆ రోజు నుంచి ముందుకు చూస్తే పెట్టాల్సింది ఇంకా 20 కోట్లే, అప్పటి విలువలో 17.39 కోట్లు. రావాల్సింది అప్పటి విలువలో 81.86 కోట్లు. పూర్తి చేస్తే 64 కోట్లకు పైగా విలువ చేతికొస్తుంది. 2019 నవంబరులో కేంద్రం ఆగిపోయిన ఇళ్ల ప్రాజెక్టుల కోసం 25,000 కోట్ల ‘స్వామి’ నిధిని ప్రకటించినప్పుడు పెట్టిన షరతు కూడా ఇదే కోవలోది. ఇప్పటికే ఎంత ఖర్చయిందన్నది కాకుండా, మిగిలిన పని ఖర్చునూ అప్పులనూ తీర్చడానికి ఇకపై రావాల్సిన డబ్బు, అమ్మాల్సిన ఫ్లాట్లు సరిపోతాయా అన్నదే చూస్తారు.