డబ్బు కాలమ్‌లో ఫ్లోట్ పెడితే పైసా ఎందుకు తప్పుతుంది?

డేటాబేస్‌లో పట్టిక తయారుచేసేటప్పుడు ప్రతి కాలమ్‌లో ఏ రకం సమాచారం ఉంటుందో ముందే చెప్పాలి. పైసలతో సహా రాయాల్సిన మొత్తాలకు రెండు రకాల కాలమ్‌లు అందుబాటులో ఉంటాయి. FLOAT, DOUBLE అనేవి ఫ్లోటింగ్ పాయింట్ రకాలు. DECIMAL అనేది దశాంశ రకం. దీన్నే NUMERIC అని కూడా రాస్తారు. రెండింటిలో దేనిలో 107.10 అని దాచినా, తిరిగి చూస్తే మామూలుగా 107.10 అనే కనిపిస్తుంది. అందువల్ల ఏది పెట్టినా ఒకటేనని అనిపిస్తుంది. తేడా లోపల దాచే తీరులో ఉంది. శాతాల లెక్కలు, కూడికలు, సరిచూడటాలు మొదలయ్యాక అది బయటపడుతుంది.

పది పైసలకు బైనరీలో చోటు లేదు

ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్య బైనరీలో ఉంటుంది. అందులో పాయింట్ తర్వాతి స్థానాల విలువలు సగం, పావు, అరపావు, ఇలా ప్రతిసారీ సగమవుతూ పోతాయి. ఈ ముక్కల్ని కలిపి చేయగలిగిన భిన్నాలే కచ్చితంగా నిలుస్తాయి. పావలాను, అర్ధరూపాయిని అలా చేయవచ్చు. పది పైసల్ని, అంటే రూపాయిలో పదో వంతును, చేయలేం. మూడో వంతును దశాంశాల్లో రాయబోతే 0.333 అని సాగుతూనే ఉంటుంది కదా. పదో వంతును బైనరీలో రాయబోతే 0.000110011001100 అంటూ అలాగే సాగిపోతుంది.

కంప్యూటర్ ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. ఎక్కడ ఆపాలో 1985లో వచ్చిన IEEE 754 ప్రమాణం నిర్ణయించింది. దాని ప్రకారం DOUBLEలో 53 బైనరీ అంకెలు, నాలుగు బైట్ల FLOATలో 24 అంకెలు నిలుస్తాయి. మిగిలినదాన్ని దగ్గరి విలువకు సవరిస్తారు. అందుకే DOUBLEలో 0.10 అని దాచినప్పుడు లోపల ఉండేది దాదాపు 0.1000000000000000055. తెరమీద చూపేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ తోకను కత్తిరించి 0.1 అని చూపుతుంది.

ఇది అరుదుగా వచ్చే చిక్కు కాదు. రూపాయిలో 00 నుంచి 99 దాకా ఉన్న వంద పైసల విలువల్లో బైనరీలో కచ్చితంగా ఇమిడేవి నాలుగే: 00, 25, 50, 75. మిగతా తొంభై ఆరింటిని ఎలా రాసినా కాస్త ఎక్కువో, కాస్త తక్కువో అవుతుంది.

ఉష్ణోగ్రతలు, దూరాలు, వేగాల వంటి కొలతలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. కొలిచే పరికరంలోని పొరపాటు ఈ తోకకంటే ఎన్నో రెట్లు పెద్దది. రుసుము మాత్రం కొలత కాదు. రెండు రూపాయల అరవై ఎనిమిది పైసలు అంటే అంతే. దానికి దగ్గరి విలువ అనేది ఉండదు.

ఒకే రుసుము, రెండు జవాబులు

107 రూపాయల బిల్లు మీద 2.5 శాతం సేవా రుసుము వేయాలనుకుందాం. చేత్తో లెక్కిస్తే 2.675 రూపాయలు వస్తుంది. సగం పైసా వస్తే పైకి సవరించాలనేది సంస్థ నియమమైతే రుసుము 2.68. ఇదే లెక్కను పైథాన్‌లో ఫ్లోటింగ్ పాయింట్‌తో రెండు విధాలుగా రాయవచ్చు:

```python
round(107 * 2.5 / 100, 2)   # 2.67
round(107 * 0.025, 2)       # 2.68
```

మొదటి వరుసలో 107ను 2.5తో గుణిస్తే 267.5 వస్తుంది. అది కచ్చితమైన విలువే. దాన్ని వందతో భాగించగానే 2.675 రావాలి. కానీ ఆ విలువ బైనరీలో లేదు కనుక దానికి దగ్గరున్న 2.6749999999999998 నిలుస్తుంది. సగానికి వెంట్రుకవాసి తక్కువ కావడంతో సవరింపు కిందికి పోయి 2.67 అవుతుంది.

రెండో వరుసలో తోక ముందే మొదలవుతుంది. 0.025 కూడా బైనరీలో ఇమడదు. అది నిజం కంటే రవ్వంత ఎక్కువగా నిలుస్తుంది. దాన్ని 107తో గుణించేసరికి 2.6750000000000003 వస్తుంది. ఇప్పుడు సగానికి రవ్వంత ఎక్కువ కనుక సవరింపు పైకి పోయి 2.68 అవుతుంది.

రెండు సూత్రాలూ గణితంలో ఒకటే. బిల్లు ముద్రించే ప్రోగ్రామ్‌లో మొదటిది, నెలాఖరు నివేదికలో రెండోది ఉంటే మాత్రం ఒకే లావాదేవీకి రెండు రుసుములు కనిపిస్తాయి. ఎక్కడ ఏ సూత్రం రాశారో వెదికి పట్టుకునేదాకా ఆ పైసా తేడాకు కారణం దొరకదు. అన్ని లావాదేవీల్లోనూ ఇలా జరగదు. సరిగ్గా సగం పైసా దగ్గర తేలే మొత్తాల్లోనే జరుగుతుంది. అందుకే నాలుగైదు మొత్తాలతో చేసిన పరీక్షల్లో ఇది దొరక్కుండా తప్పించుకుంటుంది.

బకాయి సున్నా కాని చోట

రెండో రకం ఇబ్బంది సరిచూడటంలో వస్తుంది. 1.10, 2.20 రూపాయల రుసుములు రెండు ఉన్నాయనుకుందాం. వాటిని DOUBLEలో కూడితే 3.3000000000000003 వస్తుంది. ఖాతాదారు కట్టింది 3.30. రెండూ సమానమా అని ప్రోగ్రామ్ అడిగితే కావు అనే జవాబు వస్తుంది. బకాయి సున్నా అయితేనే రసీదు ఇవ్వాలని రాసిన చోట ఆ రసీదు ఆగిపోతుంది. తెరమీద మాత్రం బకాయి 0.00 అని, కొన్నిసార్లు -0.00 అని కనిపిస్తుంది. డబ్బు కాలమ్‌లో మైనస్ సున్నా కనిపించిందంటే లోపల ఫ్లోటింగ్ పాయింట్ ఉందని అనుమానించవచ్చు.

కూడే వరుస మారినా జవాబు మారవచ్చు. 0.1, 0.2 ముందు కూడి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001, 0.2, 0.3 ముందు కూడి వాటికి 0.1 కలిపితే 0.6. పెద్ద పట్టికలోని మొత్తాలను డేటాబేస్ భాగాలుగా విడగొట్టి కూడినప్పుడు ఆ వరుస ఒక్కోసారి ఒక్కోలా ఉండవచ్చు. DOUBLEలో ఈ తేడా మామూలుగా పైసాకంటే చాలా చిన్నది. అయినా సమానమా కాదా అన్న ప్రశ్నను తారుమారు చేయడానికి అదే చాలు.

నాలుగు బైట్ల FLOATలో అయితే తేడా నేరుగా కంటికే కనిపిస్తుంది. అందులో 24 బైనరీ అంకెలే ఉన్నాయి కనుక మొత్తం పెరిగేకొద్దీ పక్కపక్క విలువల మధ్య ఎడం పెరుగుతుంది. 1,31,072 రూపాయలు దాటాక ఆ ఎడం రూపాయిలో 64వ వంతు, అంటే పైసాన్నర పైమాట. అక్కడ 1,50,000.01 అనే మొత్తానికి చోటే లేదు; దాచితే 1,50,000.015625 అవుతుంది. MySQLలో FLOAT, PostgreSQLలో REAL ఈ నాలుగు బైట్ల రకాలే.

డెసిమల్ చేసే పని

DECIMAL రకం సంఖ్యను దశాంశ అంకెలుగానే దాస్తుంది. DECIMAL(12,2) అంటే మొత్తం పన్నెండు అంకెలు, వాటిలో పాయింట్ తర్వాత రెండు. పది పైసలు దాచితే పది పైసలే ఉంటాయి. కూడికలు, తీసివేతలు కాగితం మీద చేసినట్టే వస్తాయి, 1.10, 2.20 కలిస్తే 3.30 అవుతుంది, వరుస మార్చినా మారదు. 107ను 0.025తో గుణిస్తే 2.675 కచ్చితంగా వస్తుంది. MySQL, PostgreSQL రెండూ దశాంశ విలువల్లో సరిగ్గా సగం వస్తే సున్నాకు దూరంగా సవరిస్తాయి కనుక ROUND చేస్తే 2.68 అవుతుంది.

రుసుముల పట్టికను ఇలా రాయవచ్చు:

```sql
CREATE TABLE fees (
  bill   DECIMAL(12,2) NOT NULL,
  rate   DECIMAL(6,4)  NOT NULL,
  fee    DECIMAL(12,2) NOT NULL
);
```

ఇక్కడ శాతానికి నాలుగు దశాంశ స్థానాలు ఇవ్వడం ముఖ్యం. 0.025 అనే రేటును రెండు స్థానాల కాలమ్‌లో దాచితే అది 0.03 అయిపోతుంది, అప్పుడు పోయేది పైసా కాదు, అర శాతం.

కాలమ్ ఒక్కటే మారిస్తే సరిపోదు. డేటాబేస్ నుంచి తీసిన దశాంశాన్ని ప్రోగ్రామ్ ఫ్లోటింగ్ పాయింట్‌లోకి మార్చుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. పైథాన్‌లో Decimal, జావాలో BigDecimal ఇందుకే ఉన్నాయి. వాటికి కూడా విలువను అక్షరాల రూపంలో, "0.1" అని కొటేషన్లలో ఇవ్వాలి. కొటేషన్లు లేకుండా 0.1 అని ఇస్తే బైనరీలో ఏర్పడిన తోక కూడా అందులోకి వచ్చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ DOUBLE రకానివే కనుక అక్కడ మొత్తాలను పైసల్లో పూర్ణాంకాలుగా రాయడం వాడుక: 2.68కి బదులు 268. SQLiteలో DECIMAL అని రాసినా కచ్చితమైన దశాంశ రకం లేదు. పాయింట్ ఉన్న విలువ చివరికి ఫ్లోటింగ్ పాయింట్‌గానే నిలుస్తుంది. అక్కడ కూడా పైసల పూర్ణాంకమే సరైన దారి.

పాత పట్టికను మార్చేముందు

ఇప్పటికే DOUBLEలో ఉన్న కాలమ్‌ను DECIMALకు మార్చేముందు అందులో పైసాలోపు ముక్కలు ఉన్నాయేమో చూడాలి. సవరించకుండా దాచిన 2.675 వంటివి మార్పు సమయంలో చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. MySQLలో వాటిని ఇలా పట్టుకోవచ్చు:

```sql
SELECT id, fee FROM old_fees
WHERE ABS(fee - ROUND(fee, 2)) > 0.000001;
```

బైనరీ తోకలు ఈ హద్దుకంటే ఎంతో చిన్నవి కనుక అవి రావు. ఈ ప్రశ్నకు వచ్చే వరుసలన్నీ నిజంగా పైసాలోపు ముక్కలు మిగిలినవే. వాటిలో ఖాతాదారు నుంచి ఎంత వసూలు చేశారో రసీదులతో పోల్చి, ఆ మొత్తాన్నే కొత్త కాలమ్‌లో రాయాలి.

డెసిమల్ తీర్చలేనివి

దశాంశ రకం మూడో వంతును కచ్చితంగా దాచలేదు. 100 రూపాయల రుసుమును మూడు వాయిదాలుగా పంచితే ఒక్కొక్కటి 33.33, మూడూ కలిపితే 99.99. మిగిలిన పైసా చివరి వాయిదాలో కలవాలని ప్రోగ్రామ్‌లో రాయాల్సిందే. సగం పైసాను ఎటు సవరించాలన్నది కూడా మనుషులు నిర్ణయించాల్సిన నియమమే. 2.665ను పైకి సవరిస్తే 2.67, సరి అంకెవైపు సవరించే పద్ధతిలో 2.66. బిల్లులో ఒకటి, లెడ్జర్‌లో మరొకటి వాడితే దశాంశ కాలమ్‌లోనూ తేడా వస్తుంది.

సవరింపు నియమం తప్పితే ఏమవుతుందో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ చూపింది. 1982 జనవరిలో 1000 దగ్గర మొదలైన ఆ సూచీని ప్రతి లావాదేవీ తర్వాత మళ్లీ లెక్కించి, మూడు దశాంశ స్థానాల తర్వాతి అంకెల్ని సవరించకుండా కొట్టేసేవారు. ప్రతిసారీ కిందికే జారడంతో 1983 నవంబరు నాటికి సూచీ 524.811కి దిగింది. లెక్క సరిచేస్తే వచ్చిన విలువ 1098.892. అక్కడ తప్పు బైనరీది కాదు, కోత నియమానిది. అందుకే రుసుముల లెక్కలో రెండూ స్థిరపడాలి: విలువ దశాంశంలోనే ఉండాలి, సవరింపు ఒక్క చోట, ఒక్కసారి, రాసిపెట్టిన నియమం ప్రకారం జరగాలి.