సినాయ్‌ని సగం చేస్తే ఎందుకు సరిపోలేదు?

1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఈజిప్టు నుంచి సినాయ్ ద్వీపకల్పాన్ని గెలుచుకుంది. పదకొండేళ్లయినా పీటముడి విడలేదు. 1978 సెప్టెంబరు 5న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్‌ను, ఇజ్రాయెల్ ప్రధాని మెనాకెం బెగిన్‌ను క్యాంప్ డేవిడ్‌లో చర్చలకు కూర్చోబెట్టారు. సినాయ్ మొత్తం తిరిగి ఇవ్వాలని ఒకరు, కొంత భాగం తమ దగ్గరే ఉండాలని మరొకరు పట్టుబట్టారు.

సంస్థాగత ప్రవర్తన పేపరులో సంఘర్షణ నిర్వహణ శైలుల గురించి చదివే ఎంబీఏ విద్యార్థికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ 1974లో రూపొందించిన నమూనా రెండు ప్రశ్నల మీద నిలబడుతుంది. మనిషి తన అవసరం కోసం ఎంత గట్టిగా నిలబడతాడు? ఎదుటివారి అవసరాన్ని ఎంత పట్టించుకుంటాడు? మొదటిదే ఉంటే పోటీ. రెండోదే ఉంటే సర్దుకుపోవడం. రెండూ లేకపోతే తప్పించుకోవడం. రెండూ సగం సగం ఉంటే రాజీ. రెండూ నిండుగా ఉంటే సహకారం.

రాజీకీ సహకారానికీ తేడా ఏమిటన్న దగ్గరే చాలామంది జవాబు తడబడుతుంది. రెండింట్లోనూ ఇద్దరికీ కొంత దక్కుతుంది కాబట్టి ఒకటే అనిపిస్తుంది. సినాయ్‌లో రాజీ అంటే పటం మీద ఎక్కడో ఒక సరిహద్దు గీత గీయడం. అలాంటి గీతలు ఎన్నో గీశారు, ఏదీ నిలవలేదు. తన నేలలో కొంత వదులుకోవడానికి ఈజిప్టు ఒప్పుకోలేదు. ఈజిప్టు ట్యాంకులు మళ్లీ తమ సరిహద్దుకు వచ్చే వీలున్న గీతకు ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు.

ఇక్కడే రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో తమ పుస్తకం ‘గెటింగ్ టు యెస్’లో చూపించిన తేడా పనికొస్తుంది. పైకి అడిగేది డిమాండు. దాని వెనక ఉన్నది అవసరం. ఈజిప్టు అవసరం సార్వభౌమత్వం, ఇజ్రాయెల్ అవసరం భద్రత. నేల ఒక్కటే అయినా అవసరాలు రెండు, పైగా అవి ఒకదానికొకటి అడ్డం కావు. అందుకే సినాయ్ మొత్తం ఈజిప్టుకు ఇచ్చి, అందులో చాలా భాగంలో సైన్యాన్ని పరిమితం చేసేలా ఒప్పందం రాశారు. జెండా ఈజిప్టుది, ట్యాంకులు మాత్రం దూరంగా ఉంటాయి. సహకారం అంటే ఇది.

ఇది తీయని మాటలతో జరిగిన పని కాదు. మొదటి రోజుల్లో నేతలిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే మాట ముదిరింది. దాంతో కార్టర్ వాళ్లను విడిగా ఉంచి, తన బృందం రాసిన ఒకే ముసాయిదాను అటూ ఇటూ తిప్పారు. ఎవరి ప్రతిపాదన వాళ్లు పట్టుకుని కూర్చోకుండా, ఇద్దరూ ఆ ఒక్క కాగితంలో తప్పులు చూపితే దాన్ని మళ్లీ రాశారు. అలా పదమూడు రోజుల్లో ఇరవైమూడు ముసాయిదాలు తయారయ్యాయి. ఒక దశలో సాదత్ సామాన్లు సర్దుకున్నారు. వెళ్లిపోతే అమెరికాతో సంబంధం దెబ్బతింటుందని కార్టర్ గట్టిగా చెప్పారు.

బేరంలో ఈ మాటకున్న బరువునే పాఠ్యపుస్తకం బాట్నా అంటుంది. ఒప్పందం కుదరకపోతే మన చేతిలో మిగిలే వాటిలో మెరుగైన దారి అదే. పాత స్కూటరు బేరం అనుకుందాం. అమ్మేవారు 42 వేలకు తగ్గరు, కొనేవారు 48 వేలు దాటరు. ఈ మధ్య ఉన్న ఆరు వేలే ఒప్పందానికి వీలున్న జాగా. ఇంతలో మరొకరు 45 వేలిస్తామంటే అమ్మేవారి బాట్నా పెరుగుతుంది, జాగా మూడు వేలకు కుంచించుకుపోతుంది. స్కూటరు మారలేదు, బేరం మారింది. సాదత్ విషయంలో కార్టర్ చేసింది దీనికి తలకిందులు. వెళ్లిపోయే దారి ఖరీదైనదని తేలాక ఒప్పందం మెరుగ్గా కనిపించింది.

క్యాంప్ డేవిడ్‌లో అంతా సహకారమే కాదు. సినాయ్‌లోని యూదు ఆవాసాల దగ్గర రెండు పక్షాలకూ సరిపోయే దారి దొరకలేదు. అవి ఉండాలి, లేదా పోవాలి. చివరికి బెగిన్ వెనక్కి తగ్గి, నిర్ణయాన్ని తమ పార్లమెంటుకు వదిలారు. పార్లమెంటు తొలగింపునకు ఆమోదం తెలిపింది. పాలస్తీనా ప్రశ్ననైతే అస్పష్టమైన మాటల్లో పెట్టి తర్వాతికి నెట్టారు. తప్పించుకోవడం కూడా ఒక శైలే. సినాయ్ ఒప్పందం కుదరడానికి అది తోడ్పడింది, కానీ ఆ ప్రశ్న మాత్రం పరిష్కారం లేకుండానే మిగిలిపోయింది.

శాంతి ఒప్పందం మీద 1979 మార్చి 26న సంతకాలయ్యాయి. ఇజ్రాయెల్ 1982 ఏప్రిల్ 25 నాటికి సినాయ్ నుంచి వైదొలగింది. పరీక్షలో ఇలాంటి కేసు వస్తే ముందుగా ఐదు శైలుల పేర్లు రాసేయకండి. ఎవరు ఏమడిగారో ఒక వరుసలో, ఎందుకడిగారో మరో వరుసలో రాయండి. రెండో వరుసలోని అవసరాలు ఢీకొంటున్నాయో లేదో చూశాకే శైలి పేరు రాయండి.